కంజురింగ్ సినిమాలు ఏ వరసలో చూడాలి: రిలీజ్ ఆర్డరా, కథ ఆర్డరా?

పోయిన వానాకాలంలో మా పిన్ని కూతురు చిక్కడపల్లిలో మా ఇంటికొచ్చి నాలుగు రోజులు ఉంది. కంజురింగ్ సినిమాలు ఒక్కటి కూడా చూడలేదంట, సరే అన్నీ చూపిస్తా అని నేనే పెద్ద మొనగాడిలా కథ జరిగిన సంవత్సరాల ప్రకారం వరస రాసి ఫ్రిజ్ మీద అంటించా. 1952తో మొదలు, 1986తో ఆఖరు, చూడ్డానికి మస్తు నీట్‌గా ఉంది. శుక్రవారం రాత్రి ద నన్ పెట్టాం, అలా లాక్కుంటూ లాక్కుంటూ ఆదివారం సాయంత్రానికి కంజురింగ్ 2కి వచ్చాం. ఆ సినిమాలో దయ్యాల కేసులు చూసే లొరైన్ అనే ఆమెకి తనని వెంటాడే దయ్యం పేరు తెలియాలి, పేరు తెలిస్తేనే దాని మీద పట్టు చిక్కుతుంది, సినిమా మొత్తం చివరికి ఆ ఒక్క పేరు దగ్గరికే వచ్చి ఆగుతుంది. మా చెల్లి మిర్చి బజ్జీలో ఉల్లిపాయలు కూరుకుంటూ "ఏంది అన్నా, ఈమెకి ఇంకా తెల్వదా, మొన్న ఫస్ట్ సినిమాల్నే చెప్పిండ్రు కదా" అని పేరు గట్టిగా అనేసింది. అప్పటికి తెర మీద ఆ సీన్ రావడానికి ఇంకా చాలా టైముంది. మిగతా సినిమా అంతా ఆమె ఫోన్ చూసుకుంటూ కూర్చుంది, తప్పు ఆమెది కాదు, ఫ్రిజ్ మీద కాగితానిది.

ఆ కాగితం చింపేసి మళ్లీ రాసిన వరస ఇది, ఎలా రాశానో కూడా చెప్తా, ఎందుకంటే ఇదే పద్ధతి వేరే ఏ పెద్ద ఫ్రాంచైజ్‌కైనా వాడుకోవచ్చు. స్పాయిలర్లు వీలైనంత వరకు దాచాను, ఆ పేరు మాత్రం అస్సలు రాయను.

ముందు రెండు కాలమ్స్ గీయండి

కాగితం మీద ఎడమవైపు సినిమా రిలీజైన సంవత్సరం, కుడివైపు కథ జరిగే సంవత్సరం. కథ సంవత్సరం కోసం ఎక్కడా వెతకక్కర్లేదు, చాలా సినిమాల్లో మొదటి పది నిమిషాల్లోనే ఊరి పేరుతో పాటు తెర మీద పడుతుంది.

రిలీజ్ ప్రకారం రాస్తే ఇలా వస్తుంది:

2013, ద కంజురింగ్, కథ 1971
2014, అన్నాబెల్, కథ 1967
2016, కంజురింగ్ 2, కథ 1977
2017, అన్నాబెల్ క్రియేషన్, కథ 1955
2018, ద నన్, కథ 1952
2019, లా యొరోనా, కథ 1973
2019, అన్నాబెల్ కమ్స్ హోమ్, కథ 1972
2021, ద డెవిల్ మేడ్ మీ డూ ఇట్, కథ 1981
2023, ద నన్ 2, కథ 1956
2025, లాస్ట్ రైట్స్, కథ 1986

మొత్తం పది. అన్నీ కలిపి పద్దెనిమిది గంటల పైనే, కాబట్టి ఒక్క వీకెండ్‌లో కొట్టేద్దాం అనుకునేవాళ్లు ముందే ఇంట్లో పర్మిషన్ తీసుకోండి.

కుడివైపు కాలమ్ చూడండి, 71 నుంచి 67కి వెనక్కి, అక్కడి నుంచి 77కి ముందుకి, మళ్లీ 55, 52 అని ఇంకా లోతుకి. తీసేవాళ్లు హిట్టయిన ప్రతిసారీ జనం ఏ బొమ్మ గురించి, ఏ మొహం గురించి మాట్లాడుకున్నారో చూసి దాని ముందు కథ తవ్వుకుంటూ పోయారు. మొదటి సినిమాలో అన్నాబెల్ అనే బొమ్మ ఉండేది కొన్ని నిమిషాలే, కానీ థియేటర్ బయట అందరూ బొమ్మ గురించే మాట్లాడారు, మరుసటి ఏడాదే బొమ్మకి సొంత సినిమా వచ్చేసింది. నన్ వేషంలో ఉండే దయ్యం కూడా అంతే, కంజురింగ్ 2లో తళుక్కున మెరిసి సొంత సిరీస్ సంపాదించుకుంది.

ఏది ఏ రకమో గుర్తు పెట్టుకోండి

ఇక్కడ వెన్నెముక అంటే ఎడ్, లొరైన్ వారెన్ దంపతులు ముఖ్య పాత్రలుగా ఉన్న నాలుగు సినిమాలు, అంటే కంజురింగ్ మొదటిది, రెండోది, డెవిల్ మేడ్ మీ డూ ఇట్, లాస్ట్ రైట్స్. ఈ నాలుగింటిలో రిలీజ్ ఆర్డర్, కథ ఆర్డర్ రెండూ ఒకటే, 71, 77, 81, 86, కాబట్టి వీటి దగ్గర ఏ గొడవా లేదు. గొడవంతా పక్కన మొలిచిన కొమ్మలతోనే. బొమ్మ కొమ్మలో మూడు, నన్ కొమ్మలో రెండు, యొరోనా ఒంటరిగా ఒకటి.

స్పిన్-ఆఫ్ అంటే పక్క పాత్రని పట్టుకుని వేరే కథ నడపడం, ప్రీక్వెల్ అంటే ముందు జరిగిన కథ, ఇవి మీకు తెలిసినవే. అయితే అన్నాబెల్ క్రియేషన్ అనేది స్పిన్-ఆఫ్‌కి ప్రీక్వెల్, అంటే బొమ్మ సినిమాకి ముందు జరిగిన బొమ్మ సినిమా. కమ్స్ హోమ్ క్రాసోవర్ లాంటిది, బొమ్మ కథలోకి వారెన్ వాళ్ల ఇల్లు, వాళ్ల కూతురు జూడీ, దయ్యం పట్టిన వస్తువులు దాచే ఆ తాళమేసిన గది అన్నీ వచ్చి కలుస్తాయి.

తర్వాత ప్రతి సినిమానీ ఒకే ఒక్క ప్రశ్న అడగండి

ఈ సినిమాలో చెప్పేసిన విషయం ఇంకే సినిమాలో దాచి పెట్టారు? ఇదే అసలు పని, మిగతాదంతా లెక్కలు. దాచిన సినిమా ముందు చూడాలి, చెప్పేసిన సినిమా తర్వాత చూడాలి, కథలో ఏది ముందు జరిగిందన్నది ఇక్కడ ముఖ్యం కాదు.

నన్‌ని అడగండి. ఆ సినిమాలో పేరు నేరుగా చెప్పేస్తారు. కంజురింగ్ 2లో అదే పేరు ముడి. కాబట్టి కంజురింగ్ 2 ముందు, నన్ తర్వాత, 1952 అయినా సరే, పురాణాల కాలం అయినా సరే. మా ఇంట్లో జరిగింది ఇదే.

పేరు ఒక్కటే కాదు, ఆ మొహం కూడా. కంజురింగ్ 2లో ఎడ్ గీసిన పెయింటింగ్ గోడకి ఉంటుంది, చీకటి గదిలో దాని నీడ కదులుతుంది, అది ఏంటో మనకీ తెలీదు, లొరైన్‌కీ తెలీదు, ఆ తెలియకపోవడమే భయం. నన్ ముందు చూసినవాడికి ఆ పెయింటింగ్ కనపడగానే "ఆ, వచ్చింది మా పాత దోస్త్" అనిపిస్తుంది. దయ్యం సినిమాలో దోస్త్ అనిపించాక ఇంకేముంటుంది.

ఇప్పుడు అన్నాబెల్ క్రియేషన్‌ని అడగండి. 2014 అన్నాబెల్ మొదట్లో పక్కింటి వాళ్ల మీద రాత్రి ఒక దాడి జరుగుతుంది, చేసిన అమ్మాయి ఎవరు, ఎందుకలా అయింది అని ఆ సినిమా సరిగ్గా చెప్పదు. క్రియేషన్ చివర్లో ఆ జవాబు వస్తుంది, వచ్చి వచ్చి సరిగ్గా ఆ దాడి దగ్గరే ఆగుతుంది. మొదట 2014 సినిమా చూసినవాళ్లు క్రియేషన్ ఆఖరి రెండు నిమిషాల్లో కుర్చీ అంచుకి వచ్చేస్తారు, ఉల్టా చూసినవాళ్లకి ఆ రెండు నిమిషాలు ఉట్టిగ ఏదో అదనపు సీన్‌లా ఉంటాయి. ఇంకో సంగతి, నా దృష్టిలో 2014 అన్నాబెల్ ఈ మొత్తంలో బలహీనమైనవాటిలో ఒకటి, క్రియేషన్ దానికంటే చాలా మెరుగు. బాగున్నది ముందు తినేసి తర్వాత చప్పటిది తినడం కంటే, ముందు చప్పటిది తినేస్తే సుఖం.

క్రియేషన్ ఇంకోటి కూడా అడుగుతుంది మన దగ్గర. అందులో ఒక సిస్టర్ దగ్గర పాత ఫొటో ఉంటుంది, నన్‌లు నిలబడి ఉంటారు, వెనక చీకట్లో ఇంకొకరు ఉన్నట్టుంటుంది. కంజురింగ్ 2 చూడనివాళ్లకి అది ఉత్త ఫొటో. కాబట్టి క్రియేషన్ కంజురింగ్ 2 తర్వాతే. ఇలా ఒక్కో సినిమానీ అడుగుతూ బాణాలు గీసుకుంటూ పోతే, కాగితం మీద మీకు తెలీకుండానే దాదాపు రిలీజ్ ఆర్డర్ తయారవుతుంది. దీంట్లో వింతేం లేదు, తీసినవాళ్లు ప్రతి సినిమా తీసేటప్పుడూ జనం అప్పటిదాకా ఏం చూశారో లెక్కేసుకునే తీశారు, ఇంకా తీయని సినిమా చూసి వస్తారని ఎవరూ లెక్కేయరు.

ఒక్కటి మాత్రం కదపండి

దాదాపు అన్నాను కదా, ఆ మిగిలిన కొంచెం ఇదే. నన్ 2018లో వచ్చింది, నన్ 2 2023లో. మధ్యలో యొరోనా, కమ్స్ హోమ్, డెవిల్ మేడ్ మీ డూ ఇట్ ఉన్నాయి. నన్ 2లో కథంతా మొదటి భాగంలోని ఫ్రెంచీ అనే కుర్రాడి చుట్టూ, సిస్టర్ ఐరీన్ చుట్టూ తిరుగుతుంది, మొదటి భాగం చివర్లో ఫ్రెంచీ మెడ మీద మనం చూసిన గుర్తు నుంచే ఇది మొదలవుతుంది. మధ్యలో మూడు సినిమాలు పెడితే ఆ గుర్తు ఏంటో మర్చిపోతారు. అప్పట్లో థియేటర్లో ఐదేళ్లు ఆగి చూసినవాళ్లకి వేరే దారి లేదు, మీకుంది. నన్ 2 ముందుకి జరిపినందువల్ల డెవిల్ మేడ్ మీ డూ ఇట్‌లో దాచిన విషయం ఏదీ బయటపడదు, నేను మళ్లీ చూసి మరీ చెక్ చేశా, కాబట్టి నన్ అవ్వగానే నన్ 2 పెట్టేయండి.

అంటే ఆఖరికి వరస: కంజురింగ్, అన్నాబెల్, కంజురింగ్ 2, అన్నాబెల్ క్రియేషన్, నన్, నన్ 2, అన్నాబెల్ కమ్స్ హోమ్, డెవిల్ మేడ్ మీ డూ ఇట్, లాస్ట్ రైట్స్. తొమ్మిదే ఉన్నాయేంటి అంటారా, పదోది యొరోనా. దాన్ని ఎక్కడైనా పెట్టుకోండి, అన్నాబెల్ తర్వాత అయితే చాలు, ఎందుకంటే అన్నాబెల్‌లో ఉన్న ఫాదర్ పెరెజ్ ఇందులో కాసేపు కనిపించి ఆ బొమ్మ గురించి ఒక మాట అంటాడు, ఆ సన్నటి దారం తప్ప వేరే బంధం లేదు. టైమ్ లేకపోతే లైట్ తీస్కోండి, ఏమీ పోదు. కొన్ని చోట్ల ఇది వీపింగ్ ఉమన్ అనే పేరుతో వచ్చింది, కాబట్టి వెతికితే దొరకలేదని కంగారు పడకండి.

కథ ఆర్డర్ ఎందుకు అంత తేలిక కాదో చూడండి

ఇంత చెప్పాక కూడా మా బావ లాంటివాళ్లు "లేదు లేదు, జరిగింది జరిగినట్టు చూడాలి, అదే లాజిక్" అంటారు. సరే, ఆయన మాటే పట్టుకుని చేద్దాం. కుడివైపు కాలమ్ ప్రకారం పేర్చండి: నన్, క్రియేషన్, నన్ 2, అన్నాబెల్, కంజురింగ్, కమ్స్ హోమ్, యొరోనా, కంజురింగ్ 2, డెవిల్, లాస్ట్ రైట్స్.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఏ రెండు లిస్టులు తీసినా ఒకదాంట్లో నన్ మొదట, ఇంకోదాంట్లో క్రియేషన్ మొదట ఉంటుంది. ఇద్దరూ కరెక్టే. క్రియేషన్ మొదలయ్యేది 1943లో, బొమ్మలు చేసే ఆయన కూతురు పోయిన రోజు. తర్వాత పన్నెండేళ్లు దూకి 1955లో అసలు కథ, చివర్లో మళ్లీ పన్నెండేళ్లు దూకి 1967. ఒక్క సినిమా మూడు గడుల్లో కూర్చుంది, దాన్ని ఏ గడిలో రాస్తారు?

నన్ కూడా అంతే, కథ 1952 అయినా ఆఖరి సీన్ ఇరవై ఏళ్ల తర్వాత, వారెన్ దంపతులు ఒక కాలేజీలో క్లాసు చెప్తూ చూపించే ఫుటేజ్‌తో ముగుస్తుంది. ఆ క్లాసు కంజురింగ్ మొదటి సినిమాలోది, అది చూడనివాడికి ఆ ముగింపు ఎవరో తెలియని మనుషుల మీద ఆగిపోయినట్టుంటుంది. లాస్ట్ రైట్స్ 1986 అంటాం, కానీ జూడీ పుట్టిన 1964తో మొదలవుతుంది. కంజురింగ్ 71 అంటాం, కానీ టైటిల్ పడకముందే 1968లో నర్సులు బొమ్మ గురించి చెప్పే సీన్ ఉంటుంది, కమ్స్ హోమ్ మొదటి సీన్ సరిగ్గా అక్కడి నుంచే అందుకుంటుంది, వారెన్ దంపతులు బొమ్మని కారులో వేసుకుని ఇంటికి బయల్దేరతారు.

కాబట్టి నిజంగా జరిగినట్టే చూడాలంటే సినిమాలు పేర్చడం కుదరదు, సీన్లు పేర్చాలి. ఒకసారి నేను చేశా, కంజురింగ్ మొదటి కొన్ని నిమిషాలు పెట్టి ఆపి, కమ్స్ హోమ్ కారు సీన్, బొమ్మని చర్చి అద్దంతో చేసిన పెట్టెలో పెట్టి తాళమేసే దాకా పెట్టి, మళ్లీ కంజురింగ్‌కి వచ్చి... ఆ సీన్లు నిజంగానే పక్కాగా అతుకుతాయి, చూస్తుంటే ముచ్చటేస్తుంది, కానీ రిమోట్ పట్టుకున్న చెయ్యి నొప్పి పుట్టి ఇంట్లో వాళ్లు నన్ను తిట్టారు.

కథ ఆర్డర్‌కి చోటు ఎక్కడంటే

రెండోసారి చూసేటప్పుడు. అప్పుడు దాచాల్సింది ఏమీ లేదు కాబట్టి వేరే రుచి వస్తుంది. బొమ్మ దారం ఒక్కటే పట్టుకుని క్రియేషన్, అన్నాబెల్, కంజురింగ్, కమ్స్ హోమ్ అని నాలుగూ పెట్టండి. క్రియేషన్ ఆగిన చోట అన్నాబెల్ కథ అందుకుంటుంది, అన్నాబెల్ చివర్లో బొమ్మ ఒక షాపులో ఒకామె చేతికి వెళ్తుంది, తన కూతురు నర్సు, ఆమెకి బహుమతి. కంజురింగ్ మొదట్లో ఆ నర్సులే కూర్చుని చెప్తారు. బొమ్మ చేతులు మారుతుంటే మనం వెనకాల నడుస్తున్నట్టుంటుంది.

నన్ దారం కూడా అలాగే, రెండు నన్‌లు చూశాక 2013 సినిమాలో క్లాసులో చూపించే ఆ ఫుటేజ్ చూడండి. మొదటిసారి దాన్ని ఎవరో అనామకుడికి దయ్యం వదిలిస్తున్నారనుకుంటాం, రెండోసారి అది ఫ్రెంచీ అని తెలిసి గుండె బరువెక్కుతుంది. నటుడు వేరు, అది పట్టించుకోకండి, 2013లో ఈ కుర్రాడికి ముందు కథ ఉంటుందని ఎవరూ అనుకోలేదు. ప్రీక్వెల్స్‌లో ఇలాంటి అతుకులు మామూలే.

ఇంకో ఆట కూడా ఉంది రెండోసారికి. కంజురింగ్ 2లో వారెన్ వాళ్ల ఇంట్లో జరిగే సీన్లలో మనుషుల్ని వదిలేసి వెనక షెల్ఫు మీద, జూడీ దారానికి గుచ్చే పూసల మీద కన్నేయండి. ఏం వెతకాలో మీకు అప్పటికి తెలిసే ఉంటుంది.

వరస తప్పిందని ఎలా తెలుస్తుంది

వేరే ఫ్రాంచైజ్‌కి మీరే కాగితం రాసుకున్నప్పుడు తప్పు రెండు రకాలుగా బయటపడుతుంది. ఒకటి, సినిమాలో సంగీతం ఢామ్మని పెంచి కెమెరా ఒక వస్తువు మీదకో మొహం మీదకో వెళ్తుంది, పక్కన కూర్చున్నవాళ్లు "ఎవరు ఈయన?" అంటారు. అంటే మీరు ఆ సినిమా తొందరగా పెట్టారు, దానికి ముందు చూడాల్సింది ఇంకోటి ఉంది. నన్ ముగింపు ముందే చూస్తే ఇదే జరుగుతుంది. రెండు, సినిమాలో పాత్రలు బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే చూసేవాళ్లు ఆవలిస్తారు, "ఇది మనకి తెలుసు కదా" అంటారు. అంటే జవాబు ముందే చూపించేశారు. మా చెల్లి బజ్జీ కేసు. మొదటి రకం అయితే పర్లేదు, ఆపి ఇంకోటి చూసొచ్చి మళ్లీ మొదలుపెట్టొచ్చు. రెండో రకానికి మందు లేదు, తెలిసింది తెలియకుండా చేయలేం.

ఇక ఓటీటీల దగ్గర జాగ్రత్త. ఏ యాప్‌లో అయినా ఈ సినిమాల వరసని నమ్మకండి, జనం ఎక్కువ చూసేది ముందు పెట్టొచ్చు. అన్నాబెల్ మూడు సినిమాల్లో ఒక్కదానికీ నంబర్ లేదు, కాబట్టి ప్లే నొక్కే ముందు పేరు పక్కన సంవత్సరం చూడండి, 2014, 2017, 2019. తెలుగు ఆడియో అన్నిటికీ ఉంటుందనీ అనుకోకండి, ఇంట్లో పెద్దవాళ్లతో చూస్తుంటే శుక్రవారం మధ్యాహ్నమే అన్నీ ఓపెన్ చేసి ఆడియో లిస్ట్ చూసుకోండి.

క్రియేషన్, నన్ 2 రెండూ అయిపోగానే టీవీ ఆపేయకండి, పేర్లు పడుతున్నా ఉంచండి. నన్ 2లో పేర్ల మధ్యలో వారెన్ దంపతులకి ఒక ఫోన్ వస్తుంది. క్రియేషన్‌లో పేర్లన్నీ అయ్యాక రొమేనియాలో ఒక పాత మఠం, 1952 అని పడుతుంది, కారిడార్లో దీపాలు ఒక్కొక్కటే ఆరుకుంటూ వస్తాయి. అది చూశాక లైట్లు వేయకుండా నన్ పెట్టండి.